ఒక ఒత్తు, మూడు సెకన్లు

సికింద్రాబాదులో సర్దార్ పటేల్ రోడ్డు మీద బేగంపేట నుంచి పారడైజు కూడలికి వచ్చేవారికి ఎదురుగా కనిపించేట్టు 2008 ఆషాఢంలో ఒక హోర్డింగు వెలిసింది. దాని మీది అక్షరాలు నేను రాసినవి. మొత్తం రెండు మాటలూ ఒక అంకె, పక్కన ఒక చిన్న మాట. ఆ చిన్న మాట గురించి ఇన్నేళ్ళూ ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. రచన అంటే కథో, కవితో అనుకునే మనబోటివాళ్ళకు బట్టల దుకాణం ప్రకటన గురించి చెప్పుకోవడానికి కొంచెం నామోషీగానే ఉంటుంది మరి. కానీ నేను రాసినవాటిలో అంతమంది చదివినదీ, అంత తక్కువసేపు చదివినదీ అదొక్కటే.

పని ఎలా వచ్చిందో క్లుప్తంగా చెబుతాను. అప్పట్లో ఒక చిన్న ప్రకటనల సంస్థలో తెలుగు రాసే మనిషిగా ఉండేవాణ్ణి. జనరల్ బజారు దగ్గరి ఒక చీరల దుకాణం వారు (పేరు అనవసరం) బోనాలకు సేల్ పెడుతూ హోర్డింగు కావాలన్నారు. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు, కొత్త కోడళ్ళు పుట్టిళ్ళకు వెళతారు, పట్టుచీరల బేరం పడుకుంటుంది. అందుకే తెలుగునాట బట్టల దుకాణాలన్నీ ఆ నెలలో ధరలు తగ్గించి పాత సరుకు వదిలించుకుంటాయి. అయితే సికింద్రాబాదుకు ఆషాఢమంటే వట్టి శూన్యమాసం కాదు. 1813లో కలరా వచ్చినప్పుడు ఉజ్జయినిలో ఉన్న సురిటి అప్పయ్య అనే సైనికోద్యోగి మొక్కుకున్నాడనీ, 1815లో తిరిగివచ్చి ఇక్కడ అమ్మవారిని ప్రతిష్ఠించాడనీ చెబుతారు. ఆ ఉజ్జయినీ మహంకాళి గుడి ఉన్నది ఆ బజారులోనే. లష్కర్ బోనాలు అక్కడే. కాబట్టి ఊరంతటికీ ‘ఆషాఢం సేల్’ అయితే ఆ దుకాణానికి పండుగ సేల్.

దుకాణం సేటు గారు తానే ఒక వాక్యం రాయించి పంపారు. “ఆషాఢమాస బోనాల పండుగ సందర్భంగా సమస్త పట్టు వస్త్రాలపై 50% వరకు ప్రత్యేక తగ్గింపు ధరలు.” కరపత్రానికైతే దివ్యంగా ఉంటుంది. హోర్డింగుకు పనికిరాదని నాకూ తెలుసు. కానీ ఎందుకు పనికిరాదో కచ్చితంగా చెప్పగలిగే చదువు నాకు అప్పటికి లేదు. ప్రకటనల పుస్తకాలలో ఏడు మాటలు దాటకూడదని ఒక సూత్రం ఉంటుంది. అది ఇంగ్లీషు వాళ్ళు తమ భాషకు కట్టుకున్న లెక్క. మన మాటలు విభక్తుల్ని వెంటేసుకుని నడుస్తాయి. ‘వస్త్రాలపై’ అనేది మనకు ఒక మాట, వాళ్ళకు రెండు. తెలుగులో మాటలు లెక్కపెడితే మోసపోతాం. లెక్కపెట్టవలసింది అక్షరాలను.

ఈ సంగతి నాకు చెప్పినది ఒక పెయింటర్. ఫ్లెక్సులు రాకముందు ఇరవై ఏళ్ళపాటు రేకుల మీద గళ్ళు గీసి, నిచ్చెనల మీద నిలబడి అక్షరాలు రాసిన మనిషి. చేతి పని పోయాక ఫ్లెక్సులు కట్టించే మేస్త్రీ అయ్యాడు. సేటు గారి వాక్యం చూసి నవ్వాడు. “గిన్ని ఒత్తులెందుకు సారూ? ఒత్తు కిందికి దిగితే అక్షరం పైన చిన్నగైతది” అన్నాడు. నేను లెక్కపెట్టాను. 12 మాటలు, అంకెలతో కలిపి 39 అక్షరాలు, వాటిలో ఏడింటికి ఒత్తులున్నాయి. ‘వస్త్రాలపై’లో ఒకే అక్షరం కింద రెండు.

అతను చెప్పినదాన్ని నేను తర్వాత కాగితం మీద కొలుచుకున్నాను. కొంచెం ఓపిక పట్టండి, కొన్ని అంకెలు తప్పవు. హోర్డింగు 40 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. ఎడమవైపు 15 అడుగులు చీర కట్టుకున్న అమ్మాయికి పోతాయి. పైన 5 అడుగులు దుకాణం పేరుకు పోతాయి. (ఈ రెండింటి మీదా బేరం ఉండదు.) మిగిలిన చోటులో ముఖ్యమైన పంక్తికి 5 అడుగుల ఎత్తు, అంటే 60 అంగుళాలు దొరికింది. ఇంగ్లీషు పెద్దక్షరాలైతే ఆ అరవై అంగుళాలూ అక్షరానివే. తెలుగులో అలా కాదు. పైన గుడులూ ఏత్వాలూ పొల్లులూ కూర్చోవాలి, కింద ఒత్తులు వేలాడాలి. వాటికి చోటు వదిలాక అసలు అక్షరపు ఒళ్ళు, మేము వాడిన ఫాంటులో, దాదాపు 30 అంగుళాలకు కుంచించుకుపోయేది. పంక్తిలో ఒత్తు ఒక్కటి కూడా లేకపోతే అదే ఒళ్ళు 40 అంగుళాలకు పెరిగేది. పంక్తిలో ఎక్కడో ఒకచోట ఒక్క ఒత్తు ఉన్నా మొత్తం పంక్తి కుంచించుకోవలసిందే. అక్షరాలన్నీ ఒకే కొలతలో ఉండాలి కదా!

ఇప్పుడు రోడ్డు సంగతి. బోర్డులు రాసేవారిలో ఒక మోటు లెక్క ఉంది. ఒక అంగుళం ఎత్తున్న అక్షరం పది అడుగుల దూరం వరకు కష్టపడకుండా చదవబుద్ధవుతుంది. కళ్ళు చికిలించుకుంటే అంతకు మూడింతల దూరం నుంచి కూడా పోల్చుకోవచ్చు, కానీ బండి నడిపేవాడు చీరల కోసం కళ్ళు చికిలించడు. ఆ లెక్కన 40 అంగుళాల అక్షరం 400 అడుగుల నుంచి, అంటే ఇంచుమించు 120 మీటర్ల నుంచి చదవవచ్చు. 30 అంగుళాలదైతే 90 మీటర్ల నుంచి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 11 మీటర్లు దాటుతుంది. బాగా దగ్గరికి వచ్చాక, ఓ 40 మీటర్ల లోపల, హోర్డింగు తలెత్తి చూడవలసినంత పైకి వెళ్ళిపోతుంది, ఎవరూ చూడరు. అంటే ఒత్తు లేని పంక్తికి ఏడు సెకన్లు, ఒత్తున్న పంక్తికి నాలుగున్నర. ఒక ఒత్తు ఖరీదు దాదాపు మూడు సెకన్లు. ఆ ఏడు సెకన్లూ కూడా మనవి కావు. ముందు ఆటో ఉంటుంది, పక్కన ఆర్టీసీ బస్సు ఉంటుంది. నడిపేవాడు మహా అయితే రెండుసార్లు, సెకను సెకను చొప్పున తలెత్తుతాడు.

“సిగ్నల్ దగ్గర ఆగుతారు కదా, తాపీగా చదువుకుంటారు” అన్నారు సేటు గారు. ఈ వాదన ప్రతి దుకాణదారూ చేస్తాడు. కానీ సిగ్నల్ దగ్గర ఆగినవాళ్ళలో హోర్డింగు సరైన దూరంలో కనిపించేది నడిమి వరుసల వాళ్ళకు మాత్రమే. పైగా ఆగినవాడి చూపు ఎర్రదీపం మీదా, ఇప్పుడైతే చేతిలోని ఫోను మీదా ఉంటుంది.

ఒత్తులు లేని మాటల కోసం వెతుకులాట మొదలైంది. వెతికితే గాని తెలియదు, మన భాషలో ధర దిగడాన్ని చెప్పే మాటలన్నీ ఒత్తుల పుట్టలే. తగ్గింపులో ఒత్తు, తక్కువలో ఒత్తు, డిస్కౌంటులో ఒత్తు. ఒత్తు లేనిది ‘రిబేటు’ ఒక్కటే తోచింది. ఎంతో సంబరంగా తీసుకువెళ్ళాను. సేటు గారు చేతులు అడ్డం ఊపారు. “రిబేటంటే ఆప్కో మాట. సర్కారు దుకాణమనుకుంటారు” అన్నారు. ఆ మాట నిజం. చేనేత సహకార దుకాణాల గోడల మీద అంతకాలం ఉండి ఆ మాటకు నూలు వాసన పట్టింది, పట్టుచీరలకు అతకదు. చివరికి మిగిలింది ‘సేల్’. తెలుగు రాసే మనిషిగా నాకు అది ఓటమే. అయితే పొల్లు పైకి పోతుంది, కింద ఏమీ వేలాడదు.

తర్వాత ‘ఆషాఢం’. ఒత్తులు లేవు, మూడే అక్షరాలు. అయినా వద్దనుకున్నాను, ఇంకో కారణం చేత. తెలుగు అక్షరాలకు తలకట్టు అందం గానీ, గుర్తింపుకు అంతగా ఉపకరించదు. సగం అక్షరాల నెత్తిన అదే ఉంటే దాన్ని చూసి దేన్ని పోల్చుకుంటాం? తేడా అంతా చిన్న చిన్న గీతలలో ఉంటుంది. ప కడుపులో చిన్న గీత పెడితే ష, ద కింద గీత పెడితే ధ, డ కింద గీత పెడితే ఢ. నూరు మీటర్ల నుంచి ముందుగా మాయమయ్యేవి ఆ గీతలే. ఊళ్ళో సగం హోర్డింగుల మీద ‘ఆషాడం’ అని ఉంటే భాషాభిమానులం గింజుకుంటాం. నేనూ గింజుకున్నవాణ్ణే. కానీ ఆ దూరం నుంచి రెండూ ఒకటే. ఇక ఫ్లెక్సు మీద అక్షరాలు బాగా లావుగా పెడితే ష కడుపు పూడిపోయి నల్లటి ముద్దవుతుంది. దూరం నుంచి కనిపించాలని లావు చేసి, ఆ లావు వల్లనే కనిపించకుండా చేసుకోవడం కొత్తగా కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్ళందరూ చేసే పొరపాటు.

‘బోనాలు’ చూడండి. బో, నా, ల. మూడూ మూడు వేరే ఆకారాలు, ఒకదానితో ఒకటి పొరబడే అవకాశం లేదు. పైగా సికింద్రాబాదులో ఆ నెలలో ఆ మాటను ఎవరూ కూడబలుక్కుని చదవరు, చూడగానే గుర్తుపడతారు. అమ్మవారి పేరుతో చీరలు అమ్మడమేమిటని ఆఫీసులో ఒకాయన అభ్యంతరం చెప్పారు. గుడి ముందర అరటిపండ్లు అమ్మేవాణ్ణి ఏమంటారని అడిగితే నవ్వేశారు.

అలా ‘బోనాల సేల్’ అనే పంక్తి తయారైంది. అయిదు అక్షరాలు. నలభై అంగుళాల ఒళ్ళుతో ఒక్కో అక్షరం మూడున్నర అడుగుల వెడల్పు వస్తుంది గనుక 25 అడుగుల చోటులో మహా అయితే ఏడు పడతాయి. దాని కింద ఎనిమిది అడుగుల ఎత్తున ‘50%’. అంకెలకు గుడుల గొడవ లేదు. పిల్లవాడు కూడా చదువుతాడు.

ఇక మిగిలింది ‘వరకు’.

వ, ర, కు. ఒత్తులేమీ లేవు, పెద్దగా రాయడానికి ఏ ఇబ్బందీ లేదు. కానీ సేటు గారు అంకె కుడి మూలన చిన్నగా ఉండాలన్నారు. చిన్నగా అంటే ఎంత? పంక్తి ఎత్తు మొత్తం ఒక అడుగు, ఒళ్ళు ఆరు అంగుళాలు. ఇందాకటి లెక్కలో వేసి చూడండి. ఆరు అంగుళాల అక్షరం చదవబుద్ధయ్యేది 60 అడుగుల నుంచి, అంటే 18 మీటర్ల నుంచి. ఆ దూరంలో హోర్డింగు మన నెత్తిమీద ఉంటుంది. దాన్ని చదవాలంటే బండి దిగి, రోడ్డు పక్కన నిలబడి మెడ పైకెత్తాలి. అంటే ఆ మాట అక్కడ రాసినట్టూ కాదు, రాయనట్టూ కాదు. ఎవరైనా నిలదీస్తే వేలు పెట్టి చూపడానికి రాసినది. నాకు ఆ రోజు ఇంత స్పష్టంగా తట్టలేదని చెప్పుకోవచ్చు గానీ అబద్ధమవుతుంది. కట్టేరోజు పెయింటరు మేస్త్రీ పైకి చూసి, “గా వరకు ఎవ్వలకు కనవడదు సారూ” అన్నాడు. నేను వినిపించుకోనట్టు తాళ్ళు సరిగ్గా బిగించమన్నాను.

లష్కర్ బోనాలకు ముందటి శనివారం బిల్లు పని మీద ఆ దుకాణానికి వెళ్ళాను. కౌంటరు దగ్గర అరవై ఏళ్ళ ముసలామె ఒకరు, ఆమె కూతురు. అల్వాల్ నుంచి బస్సులో వచ్చారట. ముందు రోజు పారడైజు మీదుగా పోతూ హోర్డింగు చూశారు. అమ్మవారికి ఒక చీర, కూతురికి ఒక చీర, రెండింటికి సరిపడా డబ్బు లెక్క పెట్టుకుని కొంగున కట్టుకుని వచ్చారు. ఎంచుకున్న చీరలకు పది శాతమే తగ్గింపు అని గుమస్తా చెబుతున్నాడు. యాభై శాతం ఉన్నది వెనకాల ఒక అరలోని పాత చీరలకు మాత్రమే.

“సగం ధర అని రాసిండ్రు గద బిడ్డా?” అంటోంది ఆమె.

“యాభై శాతం వరకు అని ఉందమ్మా. ‘వరకు’ చూసుకోలేదా?” అన్నాడు గుమస్తా.

“యాడుంది? బస్సుల కూసొని సూస్తే యాభై కనవడ్డది. నా బిడ్డె సదువుకున్నదే, దానికి గూడ గంతనే కనవడ్డది.”

కూతురు తలవంచుకుంది. చదువొచ్చీ సరిగా చదవలేదన్న సిగ్గు. తప్పు ఆ పిల్లది కాదని ఆ దుకాణంలో అందరికంటే బాగా తెలిసినవాణ్ణి నేను. ఎన్ని అంగుళాలకు ఎన్ని అడుగులో కూడా తెలుసు. నోరు విప్పలేదు. ఆమె కొంగు ముడి విప్పి, లెక్కచూసుకుని, అమ్మవారి చీర ఒక్కటి తీసుకుంది.

ఆ సాయంత్రం స్కూటరు మీద బేగంపేట వైపు వెళ్ళి, మళ్ళీ పారడైజు దాకా వచ్చాను. అలా మూడుసార్లు తిరిగాను. ‘బోనాల సేల్’ అనుకున్న చోటునుంచే అందింది. ‘50%’ అంతకు ముందే అందింది. ‘వరకు’ ఎక్కడుందో తెలిసిన నాకే మూడుసార్లలో ఒక్కసారీ కనపడలేదు.

దీనికి స్కూటరు కూడా అక్కర్లేదని తర్వాత తెలుసుకున్నాను. ఇలాంటి పని చేసేవారెవరైనా ఉంటే పనికొస్తుందని చెబుతున్నాను. 40 అడుగుల హోర్డింగు నమూనాను 10 అంగుళాల వెడల్పున అచ్చువేసి గోడకు అంటించండి. ఎనిమిది అడుగుల నాలుగు అంగుళాల దూరంలో, దాని సంగతి ఏమీ తెలియని మనిషిని నిలబెట్టండి. ఆ మనిషికి అది 400 అడుగుల నుంచి అసలు హోర్డింగు ఎంత కనిపిస్తుందో అంతే కనిపిస్తుంది. కాగితం మీద అట్ట అడ్డం పెట్టి, ఒక సెకను తీసి మళ్ళీ మూయండి. ఏమి చదివారో అడగండి. ‘ఏమి అర్థమైంది’ అని కాదు, ‘ఏమి చదివారు’ అని. మా వరకు ఆ కాగితం మీద ఒక అంగుళంలో ఎనిమిదో వంతు. మా ఇంట్లో ఎవరూ చదవలేకపోయారు.

దసరాకు మళ్ళీ పిలుపు వచ్చింది. ఈసారి నేను అడిగింది ఒక్కటే. ‘వరకు’ లేని అంకె ఇవ్వమన్నాను. సేటు గారు ఎదురు దుకాణం యాభై వేస్తుంటే మనం ఇరవై వేస్తే ఎవరొస్తారన్నారు. కాగితం పరీక్ష ఆయనకే పెట్టాను. పాత నమూనా చూపి చదవమంటే “బోనాల సేల్, యాభై” అని చదివారు, తాను పట్టుబట్టి పెట్టించిన మాట వదిలేసి. దానికంటే ఆయన మీద ఎక్కువ పనిచేసింది మాత్రం క్యాషియరు ఫిర్యాదు. ఆషాఢమంతా రోజుకు నలుగురితో తగువులాడానన్నాడు. మొత్తానికి ఒప్పుకున్నారు.

పై పంక్తి ‘దసరా సేల్’, ఒత్తు లేదు. కింది పంక్తి ‘ప్రతి చీరకు’, ఆ కింద ‘20%’. ‘ప్రతి’లో క్రావడి ఉంది. అంత వెతికి వెతికి ఒత్తులు ఏరేసినవాణ్ణి దాన్ని మాత్రం ఉంచేశాను. ‘అన్ని’ అన్నా ఒత్తే. మూడు సెకన్లు పోతే పోనీ, ఖర్చు పెట్టవలసిన మాట అదే అనిపించింది. ఆ మాట లేకపోతే ఇరవై కూడా మరో రకం యాభయ్యే.

2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ తప్పుదోవ పట్టించే ప్రకటనలపై మార్గదర్శకాలు తెచ్చింది. ప్రకటనలోని వాదన ఏ భాషలో ఉంటే దాని మినహాయింపు కూడా ఆ భాషలోనే, ఆ ఫాంటులోనే ఉండాలని వాటిలో ఉంది. చదివినప్పుడు ఆ కొంగు ముడి గుర్తొచ్చింది. పారడైజు దగ్గర ఇప్పుడు ఆ రోడ్డు పొడవునా 2017లో మొదలైన మెట్రో దారి ఉంది. దూరం నుంచి తలెత్తితే కనిపించేది కాంక్రీటు. 2020 ఏప్రిల్‌లో జీవో 68 వచ్చి నగరంలో నేలనుంచి 15 అడుగుల ఎత్తు దాటిన ప్రకటన బోర్డులు వద్దంది. స్తంభాలకు కట్టే చిన్న బోర్డుల ముందు ఏడు సెకన్ల మాటే లేదు, రెండు దొరికితే గొప్ప.

దసరా హోర్డింగు సంగతి చెప్పడం మరిచాను. పండుగ అయ్యాక సేటు గారిని అడిగాను. “గొడవలు తగ్గినయి. బేరం గూడ జర తగ్గింది” అన్నారు. మరుసటి ఆషాఢానికి మళ్ళీ యాభైకి పోయారు. ‘వరకు’ ఎంత ఉండాలన్నదాని మీద ఇద్దరం ఒక పూటంతా వాదించుకుని ఇరవై అంగుళాల దగ్గర ఆగాము. ఇరవై అంగుళాలంటే 60 మీటర్ల నుంచి అందుతుంది, 40 దగ్గర చేజారుతుంది. సెకనుకు 11 మీటర్ల లెక్కన ఆ మాటకు దొరికినవి రెండు సెకన్లు.